కొట్టేసిన ఏడో ప్రశ్న

చర్చకు ప్రశ్నలు రాయడం ఏముందిలే అనుకునేవాళ్ళందరూ చివరికి ఒకటే ప్రశ్న రాస్తారు: "ఈ పుస్తకం నుంచి మీరేం నేర్చుకున్నారు?" అది అడగ్గానే గదిలో ఉన్న పదకొండు మందీ ఒక్కసారిగా మంచివాళ్ళైపోతారు. ఒకాయన ఓర్పు నేర్చుకున్నానంటాడు, ఒకావిడ జీవితం విలువ తెలిసొచ్చిందంటుంది, మూడో ఆయన గడియారం చూసుకుంటాడు. పుస్తకం మాత్రం ఎవరి ఒళ్ళోనూ తెరుచుకోదు.

ఈ సంగతి ప్రశ్నలక్కకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ పేరు బుక్ క్లబ్ వాళ్ళు పెట్టింది. రిజిస్టరులో ఆమె లైబ్రరీ సహాయకురాలు, తాత్కాలికం. తొమ్మిదేళ్ళుగా తాత్కాలికమే. ఏటేటా ఆమె కాగితం మీద పెద్దసారు, అంటే లైబ్రరీ అధికారి, "పొడిగించవచ్చు" అని రాసి సంతకం పెడితే మరో ఏడాది కుర్చీ ఉంటుంది. పెట్టకపోతే ఉండదు. ఆమె భర్త బస్సుల డిపోలో మెకానిక్కు, ఇంట్లో ఉండే రోజులకంటే బస్సుల కింద ఉండే రోజులెక్కువ. ఇంట్లో మిగిలేది ఆమె, మామగారు.

మామగారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. మోకాళ్ళు పోయాయి గానీ కళ్ళు పోలేదు. నెలంతా ఇల్లు కదలడు. మొదటి శనివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర పట్టుకుని, కోడలి వెంట బుక్ క్లబ్‌కు వస్తాడు. లైబ్రరీ మేడ మీది గదికి పధ్నాలుగు చెక్క మెట్లు. ఎక్కడానికి నాలుగు నిమిషాలు, దిగడానికి ఆరు. మధ్యలో రెండుసార్లు ఆగి, "మెట్టుకో అచ్చుతప్పు కనబడుతోందమ్మాయ్, దిద్దుకుంటూ వస్తున్నా" అంటాడు. పైకెక్కాక చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది, అది అటు చివర వెనక గోడకు ఆనించి ఉంటుంది. అదే ఆయన సింహాసనం.

మొదట్లో ప్రశ్నలక్క కూడా తప్పులు చేసింది. తొలి నెల ఇరవై నాలుగు ప్రశ్నలు రాసి పంచితే, క్లబ్‌కొచ్చే టైలరు వాటికి పూర్తి జవాబులు రాసి తెచ్చి, "ఎన్ని మార్కులొచ్చాయండీ?" అని అడిగాడు. అప్పట్నించి పదికి మించి రాయదు. వారం ముందే పంచుతుంది. పెద్ద అక్షరాలు, ఒక్క కాగితం, ప్రతి ప్రశ్న పక్కనా పేజీ నంబరు. నవలకైతే ఆ పిల్ల ఎందుకలా వెళ్ళిపోయిందని అడిగితే చాలు, రెండు గంటలు తన్నుకుంటారు. పనికొచ్చే పుస్తకం సంగతి వేరు. రచయిత చెప్పినదానికి ఆధారం ఏం చూపించాడు? ఎలాంటి ఇల్లు, ఎలాంటి మనుషులు మనసులో పెట్టుకుని రాశాడు, ఎవర్ని మర్చిపోయాడు? చెప్పినట్టు చేసి చూస్తే ఎక్కడ అడ్డం తిరిగింది? ఇవి అడగాలి. ఇంటి గుట్టు బయటపెట్టించే ప్రశ్న అయితే "చెప్పాలనిపిస్తేనే" అని ముందు చేర్చాలి. అన్నిటికీ మించి ఒక నియమం. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న ప్రశ్నే కాదు, దాన్ని కొట్టెయ్యాలి.

దీనికి పరీక్ష మామగారే. రాత్రి కంచాల దగ్గర ఆమె చీటీ తీసి చదువుతుంది. ఆయన ఒక్క మాటలో జవాబిచ్చాడంటే ఆ చీటీ చెత్తబుట్టలోకి పోతుంది.

ఈ నెల పుస్తకం టైలరు ఎంచింది. ముప్పయ్యేళ్ళు మంటలార్పిన ఒక ఉద్యోగి రాసిన నూట నలభై పేజీల పుస్తకం. ఇంట్లో, దుకాణంలో, సభల్లో నిప్పు అంటుకుంటే ఏం చెయ్యాలి, అంటుకోకుండా ఏం చెయ్యాలి. ఉపన్యాసం లేదు, కన్నీళ్ళు లేవు. ప్రశ్నలక్కకు అందుకే నచ్చింది.

ఆమె ప్రతి పుస్తకం రెండుసార్లు చదువుతుంది. మొదటిసారి ఊరికే, రెండోసారి పసుపు చీటీలతో. రెండో చదువు ఒక మంగళవారం మధ్యాహ్నం, ఎవరూ లేని మేడ గదిలో మొదలుపెట్టింది. నూనె మూకుడు అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, మంట కట్టేసి మూత పెట్టాలి అన్నచోట ఒక చీటీ. మనుషుల్ని మంటకంటే ముందు పొగే చంపుతుంది అన్నచోట ఒకటి. అరవై రెండో పేజీ తిప్పింది.

"కంగారు పుట్టినప్పుడు జనం తాము లోపలికొచ్చిన దారివైపే పరుగెత్తుతారు. రెండో దారి పక్కనే ఉన్నా చూడరు. అందుకని ఇప్పుడే, ఈ పేజీ ముగించకముందే, లేచి మీరున్న గదిలో రెండో తలుపు దాకా నడవండి. తాళం చెవి అవసరం లేకుండా లోపలినుంచి తెరవండి."

ఆమె లేచింది. పుస్తకం చెప్పిన పని చేసి చూడకుండా దానిమీద ప్రశ్న రాయడం ఆమెకు చేతకాదు.

రెండో తలుపు ఉందనే సంగతి గుర్తు తెచ్చుకోవడానికే కాసేపు పట్టింది. మామగారి కుర్చీ వెనక, ఎత్తున పేర్చిన పాత పేపర్ల కట్టలు. వాటి వెనక తలుపు. బయట ఇనప మెట్లుండేవి. రెండేళ్ళ కిందట నిఘంటువులు మాయమవుతున్నాయని పెద్దసారు దానికి తాళం వేయించాడు. ఆ తర్వాత కట్టలొచ్చి చేరాయి. ఆ పక్క కిటికీ కూడా లేదు. వెనకంతా పక్క భవనం గోడకీ మన గోడకీ మధ్య ఎవరూ తొంగిచూడని సందు, ఎవరికీ పనిలేని చోటు.

కట్టల మధ్యన చెయ్యి మోచేతి దాకా దూర్చింది. వేళ్ళకు చల్లగా, గరుగ్గా తగిలింది. తాళం కప్ప. చెయ్యి బయటికి తీస్తే వేళ్ళనిండా తుప్పు.

ఆమె వెనక్కి తిరిగి గది చూసింది. ఇటు చివర మామగారి కుర్చీ. అటు చివర ఒక్కటే తలుపు, దాని బయట పధ్నాలుగు చెక్క మెట్లు, మెట్ల కింద జిరాక్స్ మిషన్ గది. ఆ గదిలో కూడా కాగితమే, కప్పు దాకా. పొగ మెట్లెక్కడం మొదలుపెడితే బయటపడడానికి రెండు మూడు నిమిషాలకు మించి ఉండకపోవచ్చంటాడు రచయిత. మామగారికి ఆరు నిమిషాలు.

కూర్చుని చీటీ మీద రాసింది: "మనం కూర్చున్న ఈ గదిలో రెండో తలుపు తెరుచుకుంటుందా?" పక్కన ఏడు అని నంబరు వేసింది.

రాసిన చీటీని చాలాసేపు చూసింది. తర్వాత దానిమీద ఒక గీత గీసింది. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న. నియమం నియమమే. ఆ క్షణంలో తన నియమం మీద ఆమెకు కలిగినంత ప్రేమ తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ కలగలేదు.

రాత్రి కంచాల దగ్గర మార్చిన ప్రశ్న చదివింది. "కంగారులో మనుషులు వచ్చిన దారినే ఎందుకు వెతుక్కుంటారు? మీ అనుభవంలో ఇలాంటిది జరిగిందా, చెప్పాలనిపిస్తేనే చెప్పండి. అరవై రెండో పేజీ."

మామగారు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, మింగి, అప్పుడన్నాడు. "బాగుందమ్మాయ్. గుండ్రంగా ఉంది. ఎవరికీ ఎక్కడా గుచ్చుకోదు."

"గుచ్చుకోవాలా మామయ్యా?"

"నీ ప్రశ్నలకు మామూలుగా ఒక మొన ఉంటుంది. దీనికి ఎవరో అరగదీశారు. సర్లే, మజ్జిగ పొయ్యి."

ఆమె మజ్జిగ పోసింది. కొంచెం కంచం బయట పడింది.

మర్నాడు ప్రశ్నల కాగితం పెద్దసారు దగ్గరికి తీసుకెళ్ళింది. జిరాక్స్ తియ్యాలంటే దానిమీద ఆయన పొట్టి సంతకం ఉండాలి. లైబ్రరీలో అచ్చయ్యే ప్రతి కాగితానికీ ఇదే పద్ధతి. చెడ్డ మనిషి కాదాయన. గొడవలంటే భయం, అంతే. ఆ భయాన్ని జాగ్రత్త అని పిలుచుకుంటాడు. బల్లమీద ఫైళ్ళ దొంతరలో పైనుంచి రెండోది ఆమె పొడిగింపు ఫైలు. ఆకుపచ్చ అట్ట. అది ఆమెకు తలకిందులుగా చూసినా గుర్తే.

"నిప్పు మీద పుస్తకమా? ఎందుకమ్మా పొద్దున్నే అశుభం?"

"క్లబ్ వాళ్ళు ఎంచారు సార్."

ఆయన పదీ చదివాడు. చదువుతుంటే ఆమె నోరు తెరిచింది. "సార్, పైన వెనక తలుపు తాళం చెవి…"

"ఏమైంది?"

"ఎక్కడుంటుందా అని."

"ఎందుకు?" ఆయన కలం ఆగిపోయింది. "మళ్ళీ పుస్తకాలు పోవాలనా? అప్పుడు జవాబు చెప్పింది నేను, నువ్వు కాదు."

"ఊరికే అడిగాను సార్."

"ఊరికే అడగడం నీ ఉద్యోగమే కదా" అని నవ్వి సంతకం పెట్టాడు. "ప్రశ్నలు బాగున్నాయి. ఇలాగే ఉండాలి, ఎవరికీ ఇబ్బంది లేకుండా. నీ ఫైలు ఈ వారంలో చూస్తా."

ఆమె థాంక్స్ చెప్పి బయటపడింది. నోట్లో తుప్పు రుచి.

జిరాక్స్ గదిలో పన్నెండు కాపీలు తీస్తుంటే ఇంకో సంగతి జరిగింది. మిషన్ ప్లగ్గు గోడకున్న సాకెట్లో సరిగా పట్టదు, ఎప్పుడూ ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడతారు. అదే బోర్డుకు టేబుల్ ఫ్యాను, నీళ్ళు కాచే కెటిలు. వేడెక్కిన ప్లగ్గు మంచి కబురు కాదని ముప్పై ఒకటో పేజీలో ఉంది. ఆమె వేళ్ళ వెనక భాగం ఆనించి చూసింది. చటుక్కున తీసేసింది. కాల్చిన అట్లకాడంత వేడి. బోర్డు అంచు గోధుమ రంగుకు తిరిగి ఉంది. అది ఎన్నాళ్ళనుంచి అలా ఉందో, రోజుకు పదిసార్లు ఆ గదిలోకొచ్చే తనకు తెలియదు.

స్విచ్చి ఆపి ప్లగ్గు పీకింది. ప్యూను మధ్యాహ్నం మళ్ళీ పెట్టాడు. ఆమె మళ్ళీ పీకింది. "అక్కా, టీ తాగనివ్వరా?" అన్నాడతను. బోర్డు చూపించింది. "ఇదా? ఇది మొదట్నించీ ఇంతే" అన్నాడు. మొదట్నించీ అన్న మాటతో ఆ మనిషికి ధైర్యం వచ్చింది, ఆమెకు ఉన్నది కాస్తా పోయింది.

ఆ పది రోజులూ ఆమెకు ఇదే పని. కూరలు కొనే చోట, బస్సులో, బ్యాంకులో, ఎక్కడికెళ్ళినా కళ్ళు తలుపుల్ని లెక్కపెట్టేవి. చర్చకు ముందు రోజు, శుక్రవారం పొద్దున నిప్పూ లేదు పొగా లేదు, ఊరికే కొళాయి తిప్పుతుంటే, మామగారు పధ్నాలుగు మెట్ల పైన నిలబడి "అచ్చుతప్పు కనబడుతోందమ్మాయ్" అంటున్నట్టు వినిపించి, బిందె నిండి పొంగిపోతున్నా కట్టలేదు.

"మామయ్యా, రేపు మీరు రావద్దు లెండి. మోకాళ్ళు వాచాయి."

"నా మోకాళ్ళు పదిహేనేళ్ళుగా వాచే ఉన్నాయి. నీకు కొత్తగా కనబడ్డాయా?"

"చలిగా ఉంది."

"ఏమైంది నీకు?" ఆయన కళ్ళద్దాలు తీశాడు. ప్రూఫు దిద్దేటప్పుడు చూసే చూపు చూశాడు. "నాకు నెలకొక్క పూట బయటి ప్రపంచం. అది కూడా కొట్టేస్తావా? కారణం రాసి కొట్టెయ్యి."

కారణం చెబితే ఆకుపచ్చ అట్ట ఫైలు గురించి చెప్పాలి. ఆమె వెళ్ళి బిందె దించింది. ఆయన ఇస్త్రీకి చొక్కా తీసి పెట్టుకున్నాడు.

శనివారం నాలుగింటికి పదకొండు మందీ వచ్చారు. ఆమెతో పన్నెండు. అందరికంటే ముందొచ్చి ప్లగ్గు పీకి, కెటిలు తీసి తన సొరుగులో పెట్టి పైకెక్కింది. మామగారు నాలుగు నిమిషాల్లో ఎక్కి సింహాసనం మీద కూర్చున్నాడు. ఆయన తలకు జానెడు దూరంలో పేపర్ల కట్టలు.

చర్చ బాగా సాగింది. అదే ఆమెకు భరించలేనిదైపోయింది. ఆస్పత్రిలో చేసి రిటైరైన నర్సమ్మ మూకుడు మీద నీళ్ళు పోసిన తోడికోడలి కథ చెప్పింది. రచయితకు అద్దె ఇళ్ళ సంగతి తెలియదు, ఇంటాయన్ను అడక్కుండా మేకు కూడా కొట్టలేం, వైర్లెక్కడ మారుస్తాం అని టైలరు లేచాడు. "అది నాలుగో ప్రశ్న బాబూ, మనం మూడులో ఉన్నాం" అన్నాడు మామగారు. అందరూ నవ్వారు.

ఆరో ప్రశ్న అయింది. ఏడో దానికొచ్చారు. గుండ్రటిది.

నర్సమ్మే మొదలుపెట్టింది. "మా వార్డులో ఒకసారి పొగొచ్చింది. పెద్ద ప్రమాదం కాదు, పరుపు అంటుకుంది. రెండు తలుపులున్నాయి. అందరూ లిఫ్టు వైపున్న తలుపుకే పోయారు, నేనూ అంతే. రెండోదానికి ఎదురుగా మందుల బీరువా పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. చోటు లేక పెట్టా. నాలుగేళ్ళు దానిచుట్టూ తిరిగా, ఒక్కసారైనా తలుపు అని అనిపించలేదు." ఆగి, నీళ్ళు తాగింది. "ఎవరూ పోలేదు లెండి. కానీ ఒకామె ఆ బీరువా దగ్గర కూర్చుని ఉంది. నడవలేని మనిషి. ఆమెను మోసుకొచ్చాక కూడా నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ఇప్పటికీ చెబుతుంటే…" చెయ్యి చాపి చూపించింది. వణుకుతోంది.

ప్రశ్నలక్క మామగారి వైపు చూడలేదు. చూడకపోయినా ఆయనెక్కడ కూర్చున్నాడో ఒళ్ళంతటికీ తెలుస్తోంది. చేతిలోని పుస్తకంలో పసుపు చీటీ అంచు కనబడుతోంది, గీత కొట్టింది. ఆమె దాన్ని లాగింది.

"ఎనిమిదికి పోయేముందు, కాగితం మీద లేని ప్రశ్న ఒకటుంది" అంది. "నేను రాసి కొట్టేశాను. ఒక్క మాటలో జవాబొచ్చేదని కొట్టేశాననుకున్నాను. అది అబద్ధం. భయపడి కొట్టేశాను."

"చదువమ్మాయ్" అన్నాడు మామగారు.

"మనం కూర్చున్న ఈ గదిలో రెండో తలుపు తెరుచుకుంటుందా?"

పదకొండు తలలు అటూ ఇటూ తిరిగాయి. టైలరే ముందు కనిపెట్టాడు. "తాతగారూ, మీ వెనకే ఉందండీ!"

తర్వాత ఆమె ఆపాలనుకున్నా ఆగేది కాదు. కట్టలు ఒక్కొక్కటే చేతులు మారాయి. దుమ్ము లేచి అందరూ తుమ్ముతున్నారు. నేలమీద ఈడ్చిన చప్పుడు కింది దాకా వినిపించి ఉండాలి. మెట్ల మీద అడుగులు. ఆమెకు ఆ అడుగులు తెలుసు. పెద్దసారు గుమ్మంలో నిలబడ్డాడు. గదికి ఉన్న ఒక్క గుమ్మంలో.

"ఏం జరుగుతోందిక్కడ?"

ఆకుపచ్చ అట్ట ఆమె కళ్ళముందు తిరిగింది.

"ఏడో ప్రశ్న జరుగుతోందండీ" అన్నాడు మామగారు, కర్ర మీద లేస్తూ. "రచయిత చేసి చూడమన్నాడు. తాళం చెవి ఇప్పిస్తారా?"

పదకొండు మంది పాఠకులు చూస్తున్నారు. ఇంతమంది ముందు కాదనడం ఇవ్వడంకంటే పెద్ద గొడవ. పెద్దసారుకు ఆ లెక్క తెలుసు. కిందికి దిగి చెవుల గుత్తితో వచ్చాడు. నాలుగు చెవులు పట్టలేదు. ఐదోది దూరింది గానీ తిరగలేదు. టైలరు సంచీలోంచి మిషన్ నూనె సీసా తీసి నాలుగు చుక్కలు పోశాడు. పుస్తకాల క్లబ్‌కు నూనె సీసా తెచ్చే మనిషిని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు ఆ రోజు. కప్ప ఊడింది. గడియ తీశారు.

"నేను కదా పక్కనున్నది, నాదే మొదటి వంతు" అని మామగారు భుజంతో నెట్టాడు. తలుపు బయటికి కిర్రుమని తెరుచుకుంది. వెలుతురు మొహం మీద కొట్టింది. రెండేళ్ళ తర్వాత ఆ గదిలోకి గాలి వచ్చింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తెరుచుకుంటుంది! ప్రశ్నలక్కకు ప్రాణం లేచొచ్చింది. అవును. జవాబు అవును.

మామగారు కర్ర ముందుకు వేశాడు. కర్ర కిందికి పోయింది.

ఆగలేదు. ఇంకా పోయింది. దాని వెనకే ఆయన భుజం వంగింది. ఆమె ఎలా చేరిందో ఆమెకే తెలియదు. రెండు చేతులతో ఇస్త్రీ చొక్కా కాలరు దొరకబుచ్చుకుని వెనక్కి పడింది. ఆయన ఆమె మీద పడ్డాడు. కింద ఎక్కడో, చాలా కింద, కర్ర రాయికి తగిలి ఠంగుమంది.

గుమ్మం బయట మెట్లు లేవు. గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు ఇనప ముక్కలు, కోసిన చోట మెరుపు కూడా పోయి నల్లబడి ఉన్నాయి. వాటి కింద పదిహేనడుగుల లోతున సందు, అడుగున రాళ్ళు.

మామగారి ఊపిరి గది అంతటికీ వినబడుతోంది. పెద్దసారు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"పక్కవాళ్ళు గోడ కట్టేటప్పుడు…" అన్నాడు. "అప్పుడు తీసి మళ్ళీ పెడతామని కాగితం రాశారు. వచ్చింది. ఫైల్లో ఉంది. నేను మర్చి…" ఆ వాక్యం అక్కడితో ఆగింది.

ప్రశ్నలక్క ఇంకా నేలమీదే కూర్చుని ఉంది. తాళం తీయించి, తెరుచుకుంటుందా అని మాత్రమే అడిగి, అవునన్న జవాబు విని సంతోషపడిన క్షణం ఆమె కళ్ళముందు నుంచి పోవడం లేదు. నిజంగా పొగొచ్చిన రోజైతే, చీకట్లో, వెనకనుంచి పదిమంది తోస్తుంటే, ఆ అవును పన్నెండు మందినీ ఒకరి మీద ఒకర్ని ఆ రాళ్ళ మీద వేసేది. అవును, కాదు అనే ప్రశ్న చాలదని తొమ్మిదేళ్ళుగా చెబుతున్నది తనే. దాని తర్వాత అడగాల్సింది ఒకటుంది. తెరుచుకుని ఎక్కడికి పోతుంది?

తలుపు మూసి, గడియ పెట్టి, అడ్డంగా బల్ల ఈడ్చారు. మామగారు కర్ర లేకుండా టైలరు భుజం పట్టుకుని దిగాడు. ఎనిమిది నిమిషాలు పట్టింది. ఈసారి అచ్చుతప్పుల జోకు వెయ్యలేదు.

సోమవారం పెద్దసారు పిలిచాడు. ఆమె నిలబడే ఉంది. ఆయన కూడా కూర్చోలేదు.

"పై ఆఫీసుకు నివేదిక పంపాలి. తలుపు, మెట్లు, ఆ ప్లగ్గు సంగతీ ఏదో అంటున్నాడు ప్యూను. నేను రాస్తే…" గొంతు సవరించుకున్నాడు. "నువ్వే రాయి. చూసినది చూసినట్టు."

"తాళం ఎవరు వేయించారో కూడా రాయాలి సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "రాయి."

రాసింది. తేదీలు, కొలతలు, ప్లగ్గు రంగు, మెట్ల సంఖ్య, ఎవరికి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతా. కింద తన పేరు పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. పెట్టింది. నాలుగు రోజుల తర్వాత ఆకుపచ్చ అట్ట ఫైల్లో "పొడిగించవచ్చు" పడింది. అది దయ అని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. నివేదిక కింద ఆమె పేరుండగా ఆమెను తీసేస్తే, ఎందుకు తీశావని ఎవరో ఒకరు అడుగుతారు. పెద్దసారుకు ప్రశ్నలంటే భయం, ఆమెకు ఉద్యోగం నిలబెట్టిందీ ఆ భయమే. క్లబ్ కింది హాల్లోకి మారింది. మేడ గదికి తాళం. కొత్త మెట్లు వస్తాయంటున్నారు. అంటున్నారు అంతే.

ఒక రాత్రి వచ్చే నెల పుస్తకం కంచాల పక్కన పెట్టుకుని కూర్చుంది. కూరగాయలు కుండీల్లో పెంచడం గురించి. మామగారి కొత్త కర్ర గోడకు ఆనించి ఉంది. ఆయన ముద్ద కలుపుతూ ఆగి, గది చుట్టూ చూశాడు. వంటగది, పడకగది, కటకటాలు బిగించిన కిటికీలు, మూడో అంతస్తు.

"అమ్మాయ్."

"ఊఁ?"

"మన ఇంటికి రెండో దారి ఉందా?"

పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నారు. ఆమె చూపు వీధి తలుపు మీదికి పోయింది. తలుపు పక్కన గ్యాసు పొయ్యి. అక్కణ్ణించి చూపు ఇంకెక్కడికీ పోలేదు.

"లేదు మామయ్యా."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఒక్క మాట జవాబు" అన్నాడు. "కొట్టెయ్యకు. రాసుకో."

ఆమె లేచి, ముందు పొయ్యి సిలిండరు కట్టేసి ఉందో లేదో చూసి, అప్పుడు కలం వెతుక్కుంది.